పంపింగ్ లెమ్మా మన చేతికిచ్చేది లూప్ కాదు

"మేడమ్, నేను బీటెక్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను, గేట్‌కి కూడా ప్రిపేర్ అవుతున్నాను. పంపింగ్ లెమ్మా నెసెసరీ కండిషన్ మాత్రమే, సఫిషియంట్ కాదు అని ఫ్లాట్ నోట్సులో రాసుకున్నాను. 'P అయితే Q' నిజమైనంత మాత్రాన 'Q అయితే P' నిజం కానక్కర్లేదు, ఆ లాజిక్ తెలుసు. నా సందేహం వేరు. లెమ్మా డీఎఫ్ఏలో ఉన్న లూప్ నుంచే కదా వచ్చింది! పొడవైన ప్రతి స్ట్రింగ్‌లోనూ లూప్ దొరుకుతున్నప్పుడు, ఆ లూపులన్నీ కలిపి వెనక్కి డీఎఫ్ఏ ఎందుకు కట్టలేం? సరిగ్గా ఎక్కడ ఆగిపోతాం? మాక్ టెస్టులో 'పంప్ అవుతోంది కాబట్టి రెగ్యులర్' అని పెట్టి మార్కు పోగొట్టుకున్నాను. అప్పట్నుంచి ఇదే టెన్షన్."

అమ్మా,

"లూప్ దొరుకుతున్నప్పుడు" అన్నావు చూడు, చిక్కంతా ఆ మాట దగ్గరే ఉంది. పంపింగ్ లెమ్మా ప్రూఫ్‌లో లూప్ ఉంటుంది. లెమ్మా స్టేట్‌మెంట్‌లో ఉండదు. ప్రూఫ్ నుంచి స్టేట్‌మెంట్‌కి వచ్చేలోపు ఒక విషయం జారిపోతుంది. అదేమిటో తెలిస్తే నీ ప్రశ్నకి జవాబు దొరికినట్టే. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదువు.

ముందు ప్రూఫ్‌లోకి వెళ్దాం. డీఎఫ్ఏలో p స్టేట్లు ఉన్నాయనుకో. p అక్షరాలు చదివేసరికి, మొదలుపెట్టిన స్టేట్‌ని కూడా లెక్కేసుకుంటే, మెషీన్ p+1 చోట్ల నిలబడి ఉంటుంది. ఉన్నవి p స్టేట్లే కాబట్టి ఏదో ఒకటి రెండోసారి తగలక తప్పదు. ఆ స్టేట్ మొదటిసారి తగిలేదాకా చదివింది x, అక్కణ్నుంచి రెండోసారి తగిలేదాకా చదివింది y, మిగిలిన తోక z.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగు. ఈ క్షణాన మన చేతిలో ఏముంది? x చదివాక, xy చదివాక మెషీన్ ఒకే స్టేట్‌లో ఉంది. స్టేట్‌కి వెనకటి సంగతి ఏదీ గుర్తుండదు. దిల్‌సుఖ్‌నగర్ స్టాపులో దిగిన మనిషి నేరుగా వచ్చాడో, కోఠి చుట్టి వచ్చాడో ఆ స్టాపుకి తెలియదు. ఎలా వచ్చినా, అక్కణ్నుంచి వెళ్లగలిగే దారులు మాత్రం అవే. అలాగే x తర్వాత ఏ తోక తగిలించినా వచ్చే జవాబు, xy తర్వాత అదే తోక తగిలించినా వస్తుంది. యాక్సెప్ట్ అయితే రెండుచోట్లా యాక్సెప్ట్, రిజెక్ట్ అయితే రెండుచోట్లా రిజెక్ట్. ఈ మాట మనం మొదలుపెట్టిన ఆ ఒక్క z కే కాదు, ప్రపంచంలో ఉన్న ప్రతి తోకకీ వర్తిస్తుంది.

చిన్న ఉదాహరణ చూడు. a లు సరిసంఖ్యలో ఉన్న స్ట్రింగుల లాంగ్వేజ్ తీసుకో. దీనికి రెండే స్టేట్లు, సరి, బేసి. abba చదువుతున్నాం. a చదివాక బేసిలో ఉన్నాం, ab చదివాక కూడా బేసిలోనే ఉన్నాం. కాబట్టి x = a, y = b. ఇప్పుడు తోక ba కాకుండా bb వచ్చిందనుకో. abb రిజెక్ట్, abbb కూడా రిజెక్ట్. తోక aab వచ్చినా సరే, aaab రిజెక్ట్, abaab కూడా రిజెక్ట్. తోక a వస్తే aa యాక్సెప్ట్, aba కూడా యాక్సెప్ట్. ఏ తోక తెచ్చినా a కి, ab కి ఒకే గతి. అసలైన లూప్ అంటే ఇది.

ఇప్పుడు లెమ్మా స్టేట్‌మెంట్ ఏమంటుందో జాగ్రత్తగా చదువు. L లో ఉన్న, పొడవు p కి తగ్గని ప్రతి స్ట్రింగ్ w నీ xyz గా విడగొట్టవచ్చు. xy పొడవు p దాటదు, y ఖాళీ కాదు, i ఎంతైనా xyⁱz లాంగ్వేజ్‌లోనే ఉంటుంది. ఇందులో z అంటే ఆ w లో మిగిలిన తోక ఒక్కటే. వేరే తోకల మాటే లేదు. పైగా లాంగ్వేజ్‌లో లేని స్ట్రింగుల గురించి లెమ్మా ఒక్క ముక్క కూడా అడగదు. అన్నిటికంటే పెద్ద తేడా ఇంకొకటుంది. w మొత్తం కళ్లముందు పెట్టుకుని, చివరి అక్షరందాకా చూసి, ఆ తర్వాత తీరిగ్గా y ఎక్కడో ఎంచుకోవచ్చు. డీఎఫ్ఏకి ఆ సౌకర్యం లేదు. అది ఎడమనుంచి కుడికి చదువుకుంటూ పోతుంది, తోక ఏమొస్తుందో తెలియకముందే లూప్ పడిపోతుంది.

ఈ వెసులుబాటుని పూర్తిగా వాడుకునే లాంగ్వేజ్ ఒకటుంది. పాఠ్యపుస్తకాల్లో ఎక్సర్‌సైజుగా తరచూ కనిపిస్తుంది. క్లాసులో చాలామంది దీన్ని బట్టీపట్టి వదిలేస్తారు. నువ్వు మాత్రం అడుగడుగునా నడిచి చూడు.

```
F = { a^i b^j c^k : i, j, k ≥ 0;  i = 1 అయితే j = k }
```

అంటే ముందు a లు, తర్వాత b లు, తర్వాత c లు. మొదట్లో a సరిగ్గా ఒక్కటే ఉంటే b లు, c లు సమానంగా ఉండాలి. a అసలు లేకపోయినా, రెండు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నా, b, c ల లెక్క ఎవరూ చూడరు. abbcc ఉంది, abbc లేదు, bbc ఉంది, aabbc ఉంది.

పంపింగ్ లెమ్మా పరీక్షని F p = 2 తోనే నెగ్గుతుంది. a లేని స్ట్రింగ్ వస్తే మొదటి అక్షరాన్నే y గా తీసుకో. అది b అయినా c అయినా ఎన్నిసార్లు పెంచినా, తీసేసినా, a లు సున్నాగానే ఉంటాయి, వరుస చెడదు, కాబట్టి F లోనే ఉంటుంది. a మూడు లేదా ఎక్కువ ఉంటే ఒక్క a ని y గా తీసుకో. దాన్ని తీసేసినా కనీసం రెండు a లు మిగులుతాయి, లెక్క అడిగేవాళ్లు లేరు.

a ఒక్కటే ఉన్న స్ట్రింగ్ అసలు కథ. abbcc తీసుకో. y = a అని పెట్టు. తీసేస్తే bbcc, అది F లో ఉంది. రెండు చేస్తే aabbcc, అదీ ఉంది. మూడు, నాలుగు, వంద చేసినా ఉంది. b, c ల సమానత్వాన్ని మనం ముట్టుకోనే లేదు.

మిగిలింది సరిగ్గా రెండు a లున్న స్ట్రింగ్, aabbc లాంటిది. ఇక్కడ y = a అని పెడితే దెబ్బతింటాం, ఎందుకంటే తీసేసినప్పుడు abbc మిగులుతుంది, అది F లో లేదు. కాబట్టి y = aa అని పెట్టు. తీసేస్తే bbc, రెండింతలు చేస్తే aaaabbc. a ల సంఖ్య 0, 2, 4, 6 అలా పోతుందే తప్ప ఎప్పటికీ 1 కాదు. p = 1 ఎందుకు సరిపోదో, p = 2 ఎందుకు కావలసి వచ్చిందో ఈ ఒక్క కేసులోనే తెలుస్తుంది.

అన్ని కేసులూ అయిపోయాయి. లెమ్మా అడిగినదంతా F ఇచ్చింది. అయినా F రెగ్యులర్ కాదు. k స్టేట్లున్న డీఎఫ్ఏ ఏదో F ని గుర్తుపడుతోందనుకో. దానికి a, ab, abb, abbb అలా k+1 స్ట్రింగులు విడివిడిగా ఇవ్వు. వాటిలో రెండు ఒకే స్టేట్‌లో ఆగాలి. ఒకదాంట్లో m సార్లు b ఉంది, ఇంకోదాంట్లో n సార్లు, m, n వేరు. ఇప్పుడు రెండిటికీ n సార్లు c తగిలించు. ఒకే స్టేట్ నుంచి ఒకే తోక చదివాయి కాబట్టి రెండిటికీ ఒకే జవాబు రావాలి. కానీ abⁿcⁿ F లో ఉంది, abᵐcⁿ లేదు. అలాంటి డీఎఫ్ఏ ఉండే అవకాశమే లేదు.

ఇప్పుడు నీ ప్రశ్నకి నేరుగా వస్తాను. abbcc ని విడగొట్టినప్పుడు x ఖాళీ, y = a అన్నాం కదా. నువ్వన్నట్టు ఇది లూప్ అనుకుని డీఎఫ్ఏ కట్టబోదాం. లూప్ అయితే ఏమీ చదవకముందు ఉన్న స్టేట్, a చదివాక ఉన్న స్టేట్ ఒకటే కావాలి. అంటే ఏ తోక తెచ్చినా, దాని ముందు a ఉన్నా లేకపోయినా ఒకే జవాబు రావాలి. bbc తోక తీసుకో. ఉత్త bbc F లో ఉంది. ముందు a పెడితే abbc, అది F లో లేదు. ఇది లూప్ కానే కాదు! bbcc అన్న ఒక్క తోకకి లూప్‌లా కనిపించింది, తోక మారగానే బండారం బయటపడింది.

మరి లెమ్మా దీన్ని ఎందుకు పట్టుకోలేదు? abbc F లో లేదు కాబట్టి దాన్ని పంప్ చేయమని లెమ్మా అడగదు. bbc F లో ఉంది, దాని వంతు వచ్చినప్పుడు మనం b ని y గా చూపించి తప్పించుకున్నాం. ప్రతి స్ట్రింగ్ తన వంతుకి తనకి పనికొచ్చే జవాబు చెప్పి వెళ్లిపోయింది. ఆ జవాబుల్ని ఒకదానిపక్కన ఒకటి పెట్టి, ఇవి పొసుగుతున్నాయా అని అడిగేవాళ్లు లేరు. aabbc ఇచ్చిన y = aa ని కూడా ఇలాగే పరీక్షించు. తోకగా ab ఇస్తే, ఉత్త ab F లో లేదు, aaab ఉంది. అదీ లూప్ కాదు.

నిజమైన లూపులు F లో లేకపోలేదు. aa చదివాక, aaa చదివాక ఏ తోక తెచ్చినా ఒకే జవాబు. b, bb కూడా అంతే. కానీ a, ab, abb, abbb అన్న వరుసలో ఏ రెండూ కలవవు, ప్రతిదానికీ వేరే స్టేట్ కావాలి. అనంతం దాక్కున్న చోటు అదే. ఆ చోటికి లెమ్మా వెళ్లకుండా ముందున్న ఒక్క a అడ్డుకుంది. "నన్ను పంప్ చేసుకో" అని a ముందుకొస్తే, వెనకున్న b ల జోలికి ఎవరూ పోలేదు.

ఈ తంతు bⁿcⁿ కే పరిమితం కాదు. b, c లతో రాసిన ఏ లాంగ్వేజ్ అయినా తీసుకో, దాని పేరు M అనుకుందాం. ముందు ఒక్క a ఉంటే మిగతాది M లో ఉండాలి, a ల సంఖ్య ఒకటి కాకపోతే మిగతాది b, c లతో ఏదైనా కావచ్చు అని నియమం పెట్టు. పైన చేసిన నాలుగు కేసులూ ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడా నడుస్తాయి, p = 2 తోనే. M గా హాల్టింగ్ ప్రాబ్లమ్‌ని b, c లలో ఎన్‌కోడ్ చేసి పెట్టినా సరే. ఏ కంప్యూటరూ తేల్చలేని లాంగ్వేజ్ కూడా పంపింగ్ లెమ్మా ముందు దర్జాగా నిలబడుతుంది. పైగా M లు అన్‌కౌంటబుల్, డీఎఫ్ఏలు కౌంటబుల్. కాబట్టి పంప్ అయ్యే ప్రతి లాంగ్వేజ్‌కీ ఒక డీఎఫ్ఏ ఇవ్వడం ఎంత తెలివిగా ప్రయత్నించినా కుదిరే పని కాదు.

దీనికి ఎదురుగా నాకు బాగా ఇష్టమైన సంగతి ఒకటి చెప్పాలి. అక్షరం ఒక్కటే ఉన్నప్పుడు, అంటే అన్నీ a లే అయినప్పుడు, పంపింగ్ లెమ్మా సఫిషియంట్ కూడా! p = 3 అనుకుని చూద్దాం. a¹⁰ లాంగ్వేజ్‌లో ఉందనుకో. దాని y పొడవు 1 కావచ్చు, 2 కావచ్చు, 3 కావచ్చు, మనకి తెలియదు. 2 అయితే 12, 14, 16 పొడవులు కూడా ఉంటాయి. 3 అయితే 13, 16 ఉంటాయి. 1 అయితే 11 నుంచి అన్నీ ఉంటాయి. ఎలా చూసినా 16 ఉంది, ఎందుకంటే 6 ని 1, 2, 3 మూడూ భాగిస్తాయి. కాబట్టి 3 కి తగ్గని ఏ పొడవు ఉన్నా, దానికి 6 కలిపిన పొడవూ ఉంటుంది. 6 తో భాగిస్తే వచ్చే శేషాలు ఆరే. ప్రతి శేషం విషయంలోనూ ఒకసారి లోపలికి వచ్చాక ఇక ఎప్పటికీ లోపలే. మొదట్లో కొంత తోక, తర్వాత ఆరు స్టేట్ల చక్రం, డీఎఫ్ఏ తయారు. పెద్ద p కి 6 బదులు p! వాడతాం. స్ట్రింగుకో జవాబు వచ్చినా వాటన్నిటికీ ఉమ్మడి గుణిజం దొరికింది, అందుకే పొసిగాయి. రెండో అక్షరం రాగానే పొడవుతోపాటు స్థానం కూడా లెక్కలోకి వస్తుంది, జవాబుల్ని ఇలా రాజీ చేసే సంఖ్య అంటూ ఉండదు.

మరి ఎన్ని అక్షరాలున్నా సఫిషియంట్ కావాలంటే లెమ్మాలో ఏం మార్చాలి? ప్రూఫ్‌లో జారిపోయినదాన్ని స్టేట్‌మెంట్‌లోకి వెనక్కి తేవాలి. 1978లో జెఫ్రీ జాఫే సరిగ్గా అదే చేశాడు. ఆయన షరతు ఇలా ఉంటుంది: ఒక k ఉండాలి, దానితో

```
|t| = k అయిన ప్రతి t కి:  t = uvw,  v ≠ ε  అయ్యేలా ఒక విభజన ఉండాలి;
ఆ ఒక్క విభజనతోనే, ప్రతి z కి, ప్రతి i ≥ 0 కి:
    uvwz ∈ L  ⇔  u v^i w z ∈ L
```

మామూలు లెమ్మాతో పోల్చి చూడు. ఇక్కడ విభజన ముందు k అక్షరాలు చూసి చేసెయ్యాలి, తోక z ఆ తర్వాతే వస్తుంది. పైగా ఏ తోకైనా రావచ్చు. బాణం రెండువైపులా ఉంది కాబట్టి లాంగ్వేజ్‌లో లేని స్ట్రింగులు కూడా లెక్కలోకి వచ్చాయి. రెగ్యులర్ లాంగ్వేజ్ దీన్ని తప్పక పాటిస్తుంది, ఎందుకంటే k స్టేట్ల డీఎఫ్ఏలో k అక్షరాలు చదివేలోపు లూప్ పడుతుంది, ఆ లూపే v.

వెనక్కి డీఎఫ్ఏ కట్టడం కూడా కష్టం కాదు, నువ్వు అడిగింది అదే కాబట్టి చేసి చూపిస్తాను. షరతులో i = 0 పెట్టు. అప్పుడు k పొడవున్న ప్రతి t కి, v తీసేయగా మిగిలిన uw తో ఏ తోక తెచ్చినా ఒకే జవాబు. ఇలా ఏ తోకకైనా ఒకే జవాబిచ్చే స్ట్రింగుల్ని ఒక గుంపు అందాం. t ఉన్న గుంపులోనే దానికన్నా పొట్టిదైన uw కూడా ఉంది. k కన్నా పొడవైన స్ట్రింగ్ వస్తే దాని మొదటి k అక్షరాల ముక్కని ఇలాగే పొట్టిది చెయ్యి, గుంపు మారదు. పొడవు k కన్నా తగ్గేదాకా చేస్తూ పో. అంటే ప్రతి గుంపులోనూ పొడవు k కన్నా తక్కువ ఉన్న స్ట్రింగ్ ఒకటైనా ఉంటుంది. రెండక్షరాల ఆల్ఫబెట్, k = 3 అయితే అలాంటి స్ట్రింగులు 1 + 2 + 4, మొత్తం 7. కాబట్టి గుంపులు 7 కి మించవు. ఒక్కో గుంపుని ఒక్కో స్టేట్ చెయ్యి. ఒక గుంపులోని రెండు స్ట్రింగులకి ఒకే అక్షరం తగిలిస్తే అవి మళ్లీ ఒకే గుంపులోకి పోతాయి కాబట్టి బాణాలు గీయడంలో తకరారు రాదు. డీఎఫ్ఏ పూర్తయింది. ఈ గుంపుల లెక్కే 1950ల చివర్లో వచ్చిన మైహిల్–నెరోడ్ సిద్ధాంతం. గుంపులు పరిమితంగా ఉంటే రెగ్యులర్, లేకపోతే కాదు, రెండువైపులా నిజం.

F మీద జాఫే షరతు పెట్టి చూడు. k ఎంతైనా సరే, t గా ఒక a, దాని వెనక k−1 సార్లు b తీసుకో. v లో a ఉంటే, తీసేశాక మిగిలేవి ఉత్త b లే. తోకగా ఒక b ఇవ్వు. అటు F లో ఉంది, ఇటు t వెనక b పెడితే a తర్వాత k సార్లు b, c లు లేవు, F లో లేదు. v లో ఉత్త b లే ఉంటే, తోకగా k−1 సార్లు c ఇవ్వు. t తో కలిస్తే F లో ఉంది, కొన్ని b లు పోయినదానితో కలిస్తే లేదు. ఎలా విడగొట్టినా పట్టుబడింది. ముందు bbcc చూసి a ని పంప్ చేసుకున్న వెసులుబాటు ఇక్కడ లేకుండా పోయింది.

ఇక నీ పరీక్ష సంగతి. జవాబు పత్రాలు దిద్దేటప్పుడు రెండు తప్పులు మళ్లీ మళ్లీ చూస్తుంటాను. మొదటిది నువ్వు చేసినదే. రెండోది, లాంగ్వేజ్ రెగ్యులర్ కాదని చూపిస్తూ విభజనని తామే ఎంచుకోవడం. "y = b అనుకుందాం" అని మొదలుపెట్టి ఒక విభజన చెడిందని చూపించి ముగిస్తారు. విభజన ఎదుటివాడి చేతిలో ఉంటుంది, నువ్వు అన్ని విభజనలూ చెడతాయని చూపించాలి. నీ చేతిలో ఉన్నవి w, i మాత్రమే. లాంగ్వేజ్ రెగ్యులర్ అని చెప్పాలంటే మాత్రం లెమ్మా జోలికి పోకు. డీఎఫ్ఏ గీయి, లేదా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాయి.

ఏ w తెచ్చినా ఎదుటివాడు తప్పించుకుంటున్నాడంటే, మొదటి p అక్షరాల్లో ఎక్కడో ఇలాంటి అడ్డం ఉందేమో చూడు. ఉంటే దాన్ని కదలకుండా బిగించు. F ని a b* c* తో ఇంటర్‌సెక్ట్ చేస్తే abⁿcⁿ లే మిగులుతాయి. F రెగ్యులర్ అయితే అవీ రెగ్యులర్ కావాలి. ఇక అక్కడ a ని పెంచడానికీ లేదు, తీయడానికీ లేదు, మామూలు పంపింగ్ లెమ్మాతోనే పని అయిపోతుంది.

ఇంకో దారి కూడా ఉంది, ఈ వారం నువ్వే చేసి చూడు. F లో ప్రతి స్ట్రింగ్‌నీ తిప్పి రాయి. ఇప్పుడు c లు ముందు, తర్వాత b లు, a లు చివర. cᵖbᵖa తీసుకుంటే xy మొదటి p అక్షరాల్లోనే ఉండాలి కాబట్టి y లో అన్నీ c లే. పెంచగానే c లు ఎక్కువైపోతాయి, చివర a ఒక్కటే ఉంది, F రివర్స్‌లోంచి బయటపడింది. రెగ్యులర్ లాంగ్వేజ్‌ని తిప్పి రాస్తే రెగ్యులరే వస్తుంది కాబట్టి F కూడా రెగ్యులర్ కాదు. ఎడమనుంచి చూసినప్పుడు కళ్లు మూసుకున్న లెమ్మాయే కుడినుంచి చూస్తే పట్టేసింది. ఎప్పుడూ ఇలా కుదురుతుందని మాత్రం అనుకోకు. చివర d లు కూడా చేర్చి, a ఒక్కటీ d ఒక్కటీ ఉంటేనే b, c లు సమానం కావాలని నియమం పెట్టు. అప్పుడు ఎడమనుంచి a అడ్డు, కుడినుంచి d అడ్డు, తిప్పి రాసినా లెమ్మా ఓడిపోతుంది. అక్కడ a b* c* d తో ఇంటర్‌సెక్షనో, abⁿ ల గుంపుల లెక్కో పెట్టాలి. ఆ లెక్కలో ఏ తోక తగిలించాలో రాసి క్లాసుకి పట్టుకురా, బోర్డు మీద చూద్దాం.